వెబ్‌సైట్ కాంట్రాక్టు ముగించి డొమైన్, హోస్టింగ్, సోర్స్ కోడ్ అప్పగింత కోరే విధానం

వెబ్‌సైట్ చేసిపెట్టిన ఏజెన్సీని వదులుకోవాలనుకున్నవాళ్లు మొదట రాసేది “ఇక మీ సేవలు అవసరం లేదు” అన్న మెయిలే. డొమైన్ ఎవరి పేరున ఉందో, రెన్యువల్ తేదీ ఎప్పుడో ఆ సమయానికి చాలామంది చూసుకుని ఉండరు. అది తెలియకుండా నోటీసు పంపితే బేరంలో పైచేయి అవతలివాళ్లదే. కాబట్టి లేఖకు ముందు ఒక పూట తనిఖీ చేయాలి.

విజయవాడలో ఒక చీరల దుకాణం అనుకుందాం. మూడేళ్ల కిందట ఒక ఏజెన్సీ వర్డ్‌ప్రెస్‌లో సైట్ చేసింది. ఏటా “డొమైన్, హోస్టింగ్ రెన్యువల్” అని ఒకే బిల్లు వస్తుంది, డబ్బు ఏజెన్సీకే వెళ్తుంది. ఒప్పందంలో 30 రోజుల నోటీసు అని ఉంది. డొమైన్ డాట్ కామ్.

లేఖకు ముందు చూడాల్సినవి

`lookup.icann.org` లో డొమైన్ పేరు కొట్టండి. డాట్ ఇన్ అయితే `registry.in` లో చూడాలి. డొమైన్ నమోదు చేసిన సంస్థ, అంటే రిజిస్ట్రార్, ఎవరు, గడువు ఏ తేదీ, స్టేటస్ ఏమిటి అన్నవి రాసుకోండి. యజమాని పేరు గోప్యత పేరుతో దాచి ఉండవచ్చు. అప్పుడు ఒక గుర్తు చూడాలి: రెన్యువల్ హెచ్చరిక మెయిళ్లు ఎవరికి వస్తున్నాయి? దుకాణానికి ఒక్కటి కూడా రాలేదంటే, ఖాతా ఏజెన్సీదే అనుకుని ముందుకెళ్లండి. స్టేటస్‌లో `clientTransferProhibited` కనిపిస్తే కంగారు పడొద్దు. అది దొంగతనం కాకుండా వేసే మామూలు తాళం. `clientHold` కనిపిస్తే మాత్రం డొమైన్ నిలిచిపోయినట్టు.

తర్వాత కంప్యూటర్‌లోని కమాండ్ విండోలో, example.com బదులు మీ డొమైన్ పేరు పెట్టి, ఈ మూడు కమాండ్లు వేసి, వచ్చిన జవాబులు భద్రపరచండి.

```
nslookup -type=ns example.com
nslookup -type=mx example.com
nslookup -type=txt example.com
```

మొదటిది డొమైన్ ఏ నేమ్ సర్వర్ల మీద నడుస్తోందో చెబుతుంది, రెండోది మెయిల్ ఎక్కడికి వెళ్తుందో. మూడోది డొమైన్ మీద రాసి ఉంచిన ధృవీకరణ రాతలు చూపిస్తుంది. డీఎన్‌ఎస్ రికార్డులు అనే ఈ వివరాలు ఏజెన్సీ సర్వర్‌లోనే ఉంటే, నేమ్ సర్వర్ మార్చిన క్షణం అవి మాయమవుతాయి. సైట్ బాగానే కనిపిస్తుంది, ఆర్డర్ మెయిళ్లు మాత్రం ఆగిపోతాయి. ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి వారం దాకా తెలియదు.

గడువు 60 రోజుల లోపే ఉంటే, పాత రిజిస్ట్రార్ దగ్గరే ముందు ఒక ఏడాది రెన్యువల్ చేయించండి. ఖర్చు చిన్నది, తొందరలో జరిగే నష్టం పెద్దది.

లేఖలో ఏమి రాయాలి

“అన్నీ ఇచ్చేయండి” అని రాస్తే ఒక జిప్ ఫైల్ వస్తుంది, “ఇచ్చేశాం” అన్న జవాబు వస్తుంది. అందుకే ప్రతి వస్తువును పేరుపెట్టి అడగాలి. నమూనా ఇది:

> విషయం: ఒప్పందం ముగింపు, ఆస్తుల అప్పగింత
>
> అయ్యా, మన మధ్య ఉన్న ఒప్పందంలోని నోటీసు నిబంధన ప్రకారం, ఈ లేఖ అందిన 30 రోజులకు ఒప్పందాన్ని ముగిస్తున్నాము. ఈ లోగా కింది వాటిని అప్పగించగలరు.
>
> డొమైన్‌ను ఇదే రిజిస్ట్రార్ దగ్గర మేము తెరిచిన ఖాతాకు, ఈ మెయిల్ చిరునామా పేరున మార్చడం. ప్రస్తుత డీఎన్‌ఎస్ రికార్డులన్నిటి ఎగుమతి. సైట్ ఫైళ్లు, డేటాబేస్ పూర్తి బ్యాకప్. కొన్న థీమ్‌లు, ప్లగిన్‌ల లైసెన్స్ ఎవరి పేరున ఉన్నదో తెలిపే జాబితా. మా కోసం రాసిన కోడ్ గిట్ చరిత్రతో సహా. పేమెంట్ గేట్‌వే, మెయిల్ పంపే సేవ వంటి బయటి ఖాతాల వివరాలు.
>
> తుది బిల్లు పంపగలరు. అప్పగింతను మేము సరిచూసిన రోజునే చెల్లిస్తాము.

లేఖను మెయిల్‌లోనూ, స్పీడ్ పోస్ట్‌లోనూ పంపి రసీదు ఉంచుకోండి. పాస్‌వర్డ్‌లు మాత్రం లేఖలోనూ మెయిల్‌లోనూ అడగవద్దు. ఖాతాలోకి మీ మెయిల్‌ను నిర్వాహకుడిగా చేర్పించుకోవడం మేలు. బాకీ ఎగ్గొట్టి పని జరిపించుకుందామనుకోవడం తరచు ఎదురుతిరుగుతుంది. ఒప్పందంలో చెల్లింపే ముందు అని ఉంటే తప్పు మీ మీదికి వస్తుంది.

డొమైన్: తేలిక దారి

రిజిస్ట్రార్‌ను మార్చాల్సిన పనే లేదు. పాత రిజిస్ట్రార్ దగ్గరే దుకాణం పేరున ఖాతా తెరిచి, ఏజెన్సీ ఖాతా నుంచి దానిలోకి “పుష్” చేయించడం అన్నిటికన్నా తేలిక. నేమ్ సర్వర్లు మారవు కాబట్టి సైటూ మెయిలూ ఆగవు. మరో రిజిస్ట్రార్‌కు తీసుకెళ్లాలంటే తాళం తీసి, బదిలీకి పాస్‌వర్డ్ లాంటి ఈపీపీ కోడ్ తీసుకోవాలి. డాట్ కామ్‌కు, డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ నియమం ప్రకారం, ఖాతాలో స్వయంగా తీసుకునే వీలు లేకపోతే, అడిగిన 5 రోజుల్లో రిజిస్ట్రార్ ఆ కోడ్ ఇవ్వాలి. ఇక్కడ అడిగే హక్కు రికార్డులో ఉన్న యజమానిదే. దుకాణం పేరు అక్కడ లేకపోతే రిజిస్ట్రార్ ఏజెన్సీ మాటే వింటుంది. యజమాని పేరు మార్చాక 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కు వెళ్లనివ్వని తాళం పడే అవకాశం కూడా ఉంది. ఏది ముందు, ఏది తర్వాత అని రిజిస్ట్రార్‌ను అడిగి మొదలుపెట్టండి.

హోస్టింగ్, కోడ్

ఏజెన్సీలు చాలావరకు ఒకే పెద్ద సర్వర్‌లో పదుల కొద్దీ సైట్లు పెడతాయి. ఆ ఖాతా మీకు ఇవ్వమంటే ఇవ్వలేరు, ఇవ్వకూడదు కూడా. అక్కడ అడగాల్సింది పూర్తి బ్యాకప్. దాన్ని మీరు కొన్న కొత్త హోస్టింగ్‌లో ఎక్కించి, తాత్కాలిక చిరునామాలో తెరిచి, ఒక ఆర్డర్ పెట్టి చూశాకే డీఎన్‌ఎస్ మార్చండి. వర్డ్‌ప్రెస్‌లో `wp-content` ఫోల్డర్ ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోవడం మామూలు. పేజీల రాతలు, ఆర్డర్లు ఉండేది డేటాబేస్‌లో.

ప్రత్యేకంగా రాయించుకున్న కోడ్ అయితే ఇంకొక పేచీ. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య కృతే. బయటి కాంట్రాక్టర్ రాసినదానికి డబ్బిచ్చినంత మాత్రాన యాజమాన్యం మీకు రాదు; హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఆ పత్రంలో కాలం చెప్పకపోతే 19వ సెక్షన్ 5 ఏళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే అని తీసుకుంటుంది. అందుకే “శాశ్వతంగా, ప్రపంచమంతటా” అని రాయించండి. ఓపెన్ సోర్స్ భాగాలు దీనిలోకి రావు. ఏజెన్సీ తన అన్ని సైట్లలో వాడే సొంత మాడ్యూళ్లను వాళ్లు బదిలీ చేయరు. వాటిని వాడుకునే లైసెన్స్ అడగండి, అది న్యాయమైన కోరిక.

వచ్చిన ఫైల్ సోర్సేనా అన్నది ఎలా తెలుసుకోవాలి? ఒక్కో ఫైల్ ఒకే పొడవాటి లైనుగా కనిపిస్తే అది కుదించిన తుది రూపం, దాన్ని మార్చడం చాలా కష్టం. తెలిసిన మరో డెవలపర్ చేత కొత్త మెషీన్‌లో నడిపించి చూడటమే నికరమైన పరీక్ష.

జవాబు రాకపోతే

దుకాణం కేసులో ఏజెన్సీ 30 రోజులు మౌనంగా ఉందనుకోండి. న్యాయవాది నోటీసు, ఆ పైన సివిల్ కోర్టు. డొమైన్ తగాదాలను కోర్టు బయట ప్యానెల్ తేల్చే పద్ధతులుగా డాట్ ఇన్‌కు ఐఎన్‌డీఆర్‌పీ, డాట్ కామ్‌కు యూడీఆర్‌పీ ఫిర్యాదులు ఉన్నాయి గానీ, అక్కడ పేరు మీద మీ హక్కు, అవతలివారికి దానిపై న్యాయమైన హక్కు లేకపోవడం, వారి దురుద్దేశం మూడూ చూపాలి. ఒప్పంద తగాదాగా కనిపిస్తే ప్యానెల్ “ఇది కోర్టులో తేల్చుకోండి” అనే వీలుంది. దుకాణం పేరున ట్రేడ్‌మార్క్, పాత బిల్లులు, ఏజెన్సీ “మీ డొమైన్” అని రాసిన మెయిళ్లు ఉంటే బలం. అంతా చేతికొచ్చాక ఏజెన్సీ నిర్వాహక ఖాతాలు, సర్వర్‌లోకి వెళ్లే ఎఫ్‌టీపీ, ఎస్‌ఎస్‌హెచ్ అనుమతులు రద్దు చేసి, పేమెంట్ గేట్‌వే కీలు కొత్తగా పుట్టించండి. కీలు మారిన రోజే ఒక రూపాయి ఆర్డర్ పెట్టి డబ్బు దుకాణం ఖాతాలో పడిందో లేదో చూసుకోండి.