ఒక్క చేను సాక్ష్యాన్ని ఎప్పుడు నమ్మాలి? తేల్చుకోవడం ఎలా?

వరంగల్ చుట్టుపక్కల పత్తి రైతుల మధ్య ఇలాంటి రెండు మాటలు వినబడుతుంటాయి. "ఫలానా విత్తనంతో మా బావకు ఎకరాకు పదిహేను క్వింటాళ్లు వచ్చింది." "బీటీ పత్తి కాయలో గులాబీ పురుగు కనబడ్డది." బీటీ పత్తి అంటే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు చేర్చిన పత్తి. ఆ రెండు మాటలూ ఒక్కో చేను సంగతులే అయినా వాటి బరువు ఒకటి కాదు.

1. ముందు వాదన ఏమిటో చూడండి. "ఈ విత్తనం ఎక్కువ దిగుబడి ఇస్తుంది" అంటే చాలా చేన్ల సగటు గురించిన మాట. బావ చేను నల్లరేగడి కావచ్చు, బోరు నీళ్లు ఉండొచ్చు. అదే విత్తనం చెల్కలో వేసి నష్టపోయినవాళ్లు ఎవరికీ చెప్పుకోరు. కాబట్టి ఊళ్లో ఆ విత్తనం వేసిన అందరినీ అడగాలి. ఇంకా మంచిది, ఒకే చేనులో సగం ఆ విత్తనం, సగం పాతది వేసి, ఒకే రోజు విత్తి, ఎరువు ఒకేలా వేసి తూకం చూడడం. అప్పుడు కూడా అది ఒక చేను, ఒక ఏడాది లెక్కే.

"బీటీ కాయలో గులాబీ పురుగు బతకదు" అనేది వేరే రకం వాదన. దానికి మినహాయింపు ఉండకూడదు. నిజంగా బతికిన ఒక్క పురుగు చాలు, అది కూలిపోతుంది.

2. ఆ ఒక్కటి నిజమేనా తేల్చండి. అసలు శ్రమ ఇక్కడే. అది నిజంగా బీటీ మొక్కేనా? విత్తనం నకిలీ కావచ్చు, ప్యాకెట్‌లోనే కొంత బీటీ కాని విత్తనం కలిసి ఉండొచ్చు. ఆ మొక్క ఆకును బీటీ పరీక్ష పట్టీతో చూడాలి. తర్వాత పురుగు వయసు. ఇప్పుడే పొదిగిన తెల్లటి చిన్న పురుగు కనబడితే లెక్కలోకి రాదు, ఎందుకంటే తిన్న తర్వాతే అది చావాలి. గులాబీ రంగు తిరిగి బాగా ఎదిగిందంటే, బీటీని తిని బతికినట్టే. గుజరాత్‌లో ఒక జన్యువున్న మొదటి తరం బీటీ పత్తిని తట్టుకునే గులాబీ పురుగు ఉందని 2010లో ఆ టెక్నాలజీ కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత రెండు జన్యువులున్న బీటీ మీదా అది నిలబడింది.

3. దానితో ఎంతవరకు చెప్పొచ్చో అంతే చెప్పండి. "బతకగలదు" అని రుజువైంది. "మండలమంతా పాడైంది" అని కాలేదు. ఎంత ఉందో తెలియాలంటే లెక్క తీయాలి. చేనంతా తిరుగుతూ, పాడైనవాటినే ఏరకుండా, ఎకరాకు ఇరవై పచ్చికాయలు కోసి చీల్చండి. రెండింటిలో బతికున్న పురుగులుంటే మందు కొట్టే స్థాయి వచ్చినట్టే. లింగాకర్షక బుట్టలు పెడితే, వరసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడినా అంతే.