ఇంట్లో రోగిని చూసుకోవడం – 4వ పాఠం: రెండు రోజుల మోషన్లు, ఒక లీటరు నీళ్లు

గత పాఠంలో జ్వరం కొలవడం నేర్చుకున్నాం. ఈసారి కొలవాల్సింది నీళ్లు.

శుక్రవారం రాత్రి పెళ్లి భోజనం చేసి వచ్చిన మా అత్తయ్యకు తెల్లవారుజాము నుంచి కడుపులో మెలిపెట్టడం, నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. వయసు 62. ఆదివారం ఉదయానికి పన్నెండుసార్లు వెళ్లింది. "ఓఆర్‌ఎస్ తాగుతూనే ఉన్నానమ్మా, తగ్గట్లేదు" అంది. ఎలా కలుపుతున్నారని అడిగితే గ్లాసు చూపించింది. లీటరు నీళ్లలో కలపాల్సిన పొడిని రెండు గ్లాసులకు పంచేసింది!

ఇక్కడ రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, ఓఆర్‌ఎస్ మోషన్లు ఆపే మందు కాదు. అది పోయిన నీటినీ లవణాలనూ తిరిగి నింపుతుంది. మోషన్లు వాటంతట అవే తగ్గేదాకా మనిషి నీరసించిపోకుండా కాపాడుతుంది. అందుకే "తాగినా తగ్గట్లేదు" అని మానేయకూడదు.

రెండోది చిక్కదనం. పేగు గోడలో గ్లూకోజు, ఉప్పులోని సోడియం జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. విరేచనాల్లో కూడా ఈ దారి చాలావరకు పనిచేస్తుంది. ద్రావణం మరీ చిక్కగా ఉంటే మాత్రం వ్యవహారం తిరగబడి ఒంట్లోని నీరే పేగులోకి వచ్చేస్తుంది, మోషన్లు పెరుగుతాయి. చిన్న పిల్లల్లో రక్తంలో ఉప్పు పెరిగిపోయే ప్రమాదమూ ఉంది.

కాబట్టి ముందు ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాశారో చదవండి. సుమారు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్ లీటరుకు, 4 గ్రాముల చిల్లర చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. కాచి చల్లార్చిన నీళ్లను లీటరు బాటిల్‌తో కొలిచి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. పాలలో, జ్యూస్‌లో, కూల్‌డ్రింక్‌లో కలపొద్దు. రుచి కోసం పంచదారా వేయొద్దు. 24 గంటలు దాటితే మిగిలింది పారబోయండి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాలి, గోపురంలా కాదు. ఇది తాత్కాలికం, ప్యాకెట్ దొరకగానే అదే వాడాలి.

పోసిన మొదటి గ్లాసు అత్తయ్య కక్కేసింది. గడగడా తాగడం వల్లే. పది నిమిషాలు ఆగి, ఒక్కో చెంచా చొప్పున నెమ్మదిగా ఇచ్చాం, నిలిచింది. తర్వాత ప్రతి మోషన్‌కీ ఒక గ్లాసు, మధ్యలో దాహమైనంత. పిల్లలకైతే ఒక్కో మోషన్‌కీ రెండేళ్ల లోపు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపైన 100 నుంచి 200. తల్లిపాలు ఆపకూడదు. అత్తయ్యకు మధ్యాహ్నం మెత్తటి పెరుగన్నం పెట్టాం. పస్తు పెట్టడం పాత అలవాటు, దానివల్ల లాభం లేదు.

ఆమె బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందు ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది ఇబ్బంది పెడుతుంది. సొంతంగా ఆపకుండా డాక్టరుకు ఫోన్ చేశాం, ఆ రోజుకు ఆపమన్నారు.

ఇంట్లో చూసుకోవచ్చా, లేదా అన్నది ఎలా తేల్చాం? నాలుక కొంచెం ఎండింది, మూత్రం ముదురు పసుపు. కానీ రక్తం లేదు, జ్వరం లేదు, మాట స్పష్టంగా ఉంది, తాగింది నిలుస్తోంది. మోషన్ అయ్యాక మెలి కాస్త సర్దుకుంటోంది. చర్మం గిల్లి చూసే పరీక్షను మాత్రం నేను నమ్మలేదు. పిల్లల్లో పొట్ట మీద గిల్లిన మడత రెండు సెకన్లు దాటినా పోకపోతే నీరు బాగా తగ్గినట్టే. పెద్దవాళ్ల చర్మం మామూలుగానే సాగి ఉంటుంది కదా! వాళ్లలో మూత్రం, మగత, లేచి నిలబడితే కళ్లు తిరగడం చూడాలి.

కింది వాటిలో ఏది కనిపించినా ఓఆర్‌ఎస్ తాగిస్తూనే ఆసుపత్రికి బయల్దేరాలి: విరేచనంలో రక్తం, 102 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, తాగినదంతా కక్కేయడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, మగత, లోతుకుపోయిన కళ్లు, బియ్యం కడిగిన నీళ్లలా ధారగా పోవడం, లేదా కడుపునొప్పి ఒకేచోట ఆగకుండా ఉండి పొట్ట బిగుసుకోవడం. మగతగా ఉన్నవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు. రక్తం, జ్వరం ఉన్నప్పుడు మోషన్లు ఆపే మాత్రలు వేసుకోకూడదు, పిల్లలకైతే అసలే వద్దు.

సాయంత్రానికి అత్తయ్య మూత్రం లేత పసుపుకు వచ్చింది. మోషన్లు మరుసటి రోజు మధ్యాహ్నానికి ఆగాయి.

ఈ వారం అభ్యాసం: మీ ఇంట్లో రోజూ తాగే గ్లాసులో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో కొలిచి చూసి, అడుగున మార్కర్‌తో రాయండి. మా ఇంట్లో స్టీలు గ్లాసు 200 అనుకున్నాను, కొలిస్తే 280 వచ్చింది. వచ్చే పాఠంలో పిల్లలకు 14 రోజుల జింక్ మాత్ర ఎలా కరిగించి ఇవ్వాలో చూద్దాం.