వారం అటెండెన్స్ టోటల్ తేడా వస్తోందా? పేరోల్‌కి పంపే ముందు ఇది చూడండి

సమస్య 1: వరుసలో రోజులు ఏడు రావడం లేదు

P, A, WO, సెలవులు, పండగలు కలిపితే ప్రతి మనిషికీ ఏడు రావాలి. అర నిమిషం పని, ఎవరూ చేయరు. ఆరొచ్చిందంటే ఒక రోజు ఏ కాలమ్‌లోనూ పడలేదు. ఎక్కువగా అది మిస్ పంచ్. కొత్తగా చేరినవాళ్లకీ, మానేసినవాళ్లకీ మాత్రం తక్కువ రావచ్చు.

సమస్య 2: ఏడు సరిపోయింది, అయినా ఒకే వరుసలో ఆబ్సెంటూ ఉంది, భారీ ఓటీ కూడా ఉంది

నన్ను ముంచింది ఇదే. ఏడు వచ్చింది కదా అని పంపేశాను. జీతం పడ్డాక, ‘నైట్ చేసిన రోజు కట్ చేశారేంటి సార్’ అంటూ మనిషొచ్చాడు. అదే వారం తనకి 23 గంటల 38 నిమిషాల ఓటీ పడిందని అతనూ గమనించలేదు, నేనూ గమనించలేదు.

రోస్టర్‌లో అతనికి వారమంతా ఉదయం షిఫ్ట్. బుధవారం నుంచి శనివారం దాకా వేరే అతనితో మార్చుకుని నైట్ చేశాడు. సూపర్‌వైజర్ నోటిమాటతో సరే అన్నాడు, రోస్టర్ మార్చలేదు. పంచ్‌లు ఇవీ:

```
బుధ   21:56
గురు   06:04  21:58
శుక్ర   06:05  21:55
శని    06:03  21:57
ఆది   06:02
```

పగటి షిఫ్ట్ అనుకున్న సాఫ్ట్‌వేర్ ఆ తేదీలో మొదటి పంచ్‌ని ఇన్‌గా, చివరిదాన్ని అవుట్‌గా తీసుకుంది. గురువారం ఇంటికెళ్లిన 06:04 ఇన్ అయింది, రాత్రి మళ్లీ వచ్చిన 21:58 అవుట్ అయింది. అంటే 15:54 గంటల పని! అలా మూడు రోజులు. బుధవారం ఒక్క పంచే కాబట్టి ఆబ్సెంట్. ఆదివారం WO కాబట్టి ఆ పంచ్‌ని పట్టించుకోలేదు. అసలు బుధవారం రాత్రి 21:56 నుంచి గురువారం 06:04 దాకా చేసింది 8:08 గంటలే. నాలుగు రాత్రులూ కలిపితే 32:28.

పట్టుకోవాలంటే రోజువారీ గంటల్ని పెద్దవి పైకి వచ్చేలా సార్ట్ చేయండి. 12 దాటిన ప్రతి రోజుకీ పంచ్ లాగ్ తెరవండి. నిజంగా డబుల్ డ్యూటీ చేసినవాళ్లూ ఉంటారు, వాళ్ల సంగతి సూపర్‌వైజర్‌ని అడగండి.

సమ్మరీలో అంకె దిద్దకండి. తర్వాత ఎవరో రీప్రాసెస్ కొడితే పాత తప్పే తిరిగొస్తుంది. ఆ నాలుగు తేదీలకి రోస్టర్‌లో నైట్ షిఫ్ట్ పెట్టి, ఆదివారం కూడా కలిపి ఆ ఒక్కరికీ రీప్రాసెస్ చేసి, రిపోర్ట్ మళ్లీ తీయండి. ఆదివారం రాత్రి కూడా డ్యూటీ ఉంటే సోమవారం పొద్దుటి పంచ్‌లు దిగేదాకా ఆగాలి. ఆదివారం అర్ధరాత్రే రిపోర్ట్ తీస్తే ఆ షిఫ్ట్‌కి అవుట్ ఉండదు.

సమస్య 3: 48 గంటలు ఉండాల్సిన చోట 0:00

లెక్క తప్పలేదు. ఎక్సెల్ `h:mm` ఫార్మాట్‌లో 24 దాటగానే మళ్లీ సున్నా నుంచి చూపిస్తుంది. `[h]:mm` పెట్టండి.

మెషిన్ గడియారం తప్పడం, ఒకరి ఐడీ ఇంకొకరికి పడటం ఎప్పుడో గానీ జరగవు. గడియారం తప్పితే అందరి టైమూ ఒకేలా జరుగుతుంది, చూడగానే తెలుస్తుంది.