ఫోన్ తప్పులేకుండా రాస్తోంది, ఎదుటివాళ్లకు మాత్రం అర్థం కావట్లేదా?

సమస్య: మైక్ నొక్కి ఇంగ్లిష్‌లో మాట్లాడితే ఫోన్ ఒక్క తప్పూ లేకుండా టైప్ చేసేస్తుంది, కాల్‌లో అవతలివాళ్లు మాత్రం "సారీ?" అని మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఇంటర్వ్యూలకు తిరుగుతున్న మా తమ్ముడిది అచ్చంగా ఇదే బాధ.

కారణం: మాటల్ని టైప్ చేసే ఈ యాప్ చేసేది మీ ఉచ్చారణను దిద్దడం కాదు, మీరు ఏ మాట అనుంటారో ఊహించడం. వినపడింది సగమే అయినా పక్క మాటలు చూసి మిగతాది పూరించుకుంటుంది. మా వాడు vine అన్నా, wine అన్నా మన 'వ'తోనే అంటాడు, తెలుగులో రెండూ వైన్ అనే రాస్తాం మరి. ముందు grape ఉంటే vine అని, bottle of ఉంటే wine అని యాప్ దానంతటదే సర్దేస్తుంది, వీడేమో తను సరిగ్గా పలికాననుకుంటాడు.

పరిష్కారం: వాక్యాలు ఆపేసి విడి మాటలు చెప్పండి. చీటీల మీద vine పది, wine పది రాసి, కలిపేసి, ఒక్కో చీటీ తీసి చదువుతూ స్క్రీన్ మీద ఏం పడిందో చీటీ వెనక రాసుకోండి. మా వాడికి 20 సార్లూ wine అనే పడింది. అక్కడే తప్పు మనదని తేల్చేయకండి, wine ఎక్కువగా వాడే మాట కాబట్టి యాప్ అటే మొగ్గుతుంది. అందుకని ఆన్‌లైన్ డిక్షనరీలో vine ఆడియోని అదే ఫోన్‌కి ఐదుసార్లు వినిపించాం, నాలుగుసార్లు vine అని రాసింది. అంటే యాప్‌కి తేడా తెలుస్తోంది, దిద్దుకోవాల్సింది నోటినే. ఆ ఆడియోకి కూడా wine అనే పడితే ఆ జంట మీ యాప్‌తో పనికిరాదు, vest, west పట్టుకోండి.

ఇక నోరు. v కోసం పై పళ్లు కింది పెదవికి ఆనించి గాలి వదులుతూ రెండు సెకన్లు లాగండి, పెదవి జివ్వుమనాలి. w కోసం 'ఊ' అన్నట్టు పెదాలు గుండ్రంగా చుట్టి చటుక్కున విప్పాలి, పళ్లు పెదవికి తగలకూడదు. అద్దంలో చూస్తూ చేస్తేనే తెలుస్తుంది, మన 'వ' ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది కాబట్టి అలవాటు కొద్దీ జారిపోతాం.

సమస్య: ఉచ్చారణకు మార్కులు వేసే యాప్‌లో అదే మాటకు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ.

చాలాసార్లు ఫ్యాన్ హోరు, రోడ్డు మీద హారన్లు, లేదంటే నోటికీ ఫోన్‌కీ మధ్య దూరం. ఫ్యాన్ ఆపి, ఫోన్ జానెడు దూరంలో పెట్టి మూడుసార్లు చెప్పండి, మూడుసార్లూ అదే అక్షరం దగ్గర తగ్గితేనే పట్టించుకోండి.

సమస్య: విడి మాటలన్నీ కుదిరాయి, అయినా అర్థం కావట్లేదంటున్నారు.

మాటలో ఏ భాగాన్ని ఒత్తి పలుకుతున్నారో చూడండి, టైప్ చేసే యాప్‌కి ఇది చెప్పడం చేతకాదు. record నామవాచకమైతే మొదటి భాగం మీద, క్రియ అయితే రెండో భాగం మీద ఒత్తు పడాలి, మీరెక్కడ ఒత్తినా స్క్రీన్ మీద స్పెల్లింగ్ ఒక్కటే. దీనికి మీ గొంతు రికార్డ్ చేసుకుని, డిక్షనరీ ఆడియో ఒకసారి, మీది ఒకసారి వెంటవెంటనే వినండి. మా తమ్ముడు రెండు భాగాల్నీ సమానంగా పలుకుతున్నాడని అలా విన్నప్పుడే బయటపడింది.