గుండు వెంట్రుకలు: గది శుభ్రం చేసే వరుస మార్చాక

తిరుపతిలో మా హోటల్‌కు తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటే: ఉతికిన దుప్పటి మీద, బాత్‌రూమ్ నేల మీద సన్నని వెంట్రుకలు. కొండ మీద తలనీలాలిచ్చి వచ్చినవాళ్లు గదిలో స్నానం చేస్తారు కదా, ఆ తునకలు తడి నేలకు అతుక్కుపోతాయి. తడి మాప్ వాటిని ఎత్తదు, పక్కకు జరుపుతుందంతే.

అందుకే వరుస మార్చాం. ముందు దుప్పట్లు, దిండు గలీబులు తీసేయాలి. చందనం అంటినవి వేరే సంచిలోకి. వెంటనే కమోడ్‌లో క్లీనర్ పోసి 10 నిమిషాలు వదిలేయాలి. ఆలోగా ఫ్యాన్, ఏసీ, అల్మారా పైనుంచి కిందికి దుమ్ము దులపాలి. బాత్‌రూమ్ కడిగి, వైపర్‌తో లాగి, ఆరాక పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మూలలు తుడవాలి. చేతులు కడుక్కున్నాకే పక్క వేయాలి. చివర్లో గది నేల, లోపలి మూల నుంచి తలుపు వైపుకు.

తనిఖీలో నేను ముందు చూసేది డ్రెయిన్ జాలీ. ఎత్తి, కింద చుట్టుకున్న వెంట్రుకలు తీయించాలి. లేకపోతే తర్వాతి స్నానానికి నీళ్లు నిలుస్తాయి. తర్వాత ఫోన్ టార్చ్‌ను నేలకు ఆనించి అడ్డంగా వేయాలి. పైనుంచి కనిపించని వెంట్రుక నీడతో బయటపడుతుంది. ఒక్కటి కనిపించినా గది ఇవ్వం.