ఇంక్‌జెట్ ప్రింటర్ మరమ్మతు, 5వ పాఠం: క్యారేజ్ జామ్

కిందటి పాఠంలో ఇంకు రాని గడ్డకట్టిన నాజిళ్ల సంగతి చూశాం. ఈసారి రెండు కార్ట్రిడ్జ్‌ల ప్రింటర్‌లో తెర మీద `Carriage Jam` అని వచ్చినప్పుడు ఏం చేయాలో నేర్చుకుందాం. కార్ట్రిడ్జ్‌లను మోసుకుంటూ అటూ ఇటూ తిరిగే బండే క్యారేజ్.

ప్రింటర్ ఆన్‌లో ఉండగానే మూత తెరవండి. బండి మధ్యకు రాగానే కరెంటు వైరు పీకేయండి. ఇప్పుడు దాన్ని వేలితో మెల్లగా ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా జరపండి. మధ్యకు రాకుండా కుడి చివరే ఉండిపోతే బలవంతంగా లాగకండి, అక్కడ దానికి తాళం పడి ఉండవచ్చు.

జరిపేటప్పుడు ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందా? అక్కడ అడ్డం ఉన్నట్టే. టార్చి వేసి చూడండి. చిరిగిన కాగితం ముక్కో, స్టేప్లర్ పిన్నో దొరుకుతుంది. కాగితాన్ని రెండు చేతులతో, అది మామూలుగా బయటికి వచ్చే దిక్కుకే లాగాలి.

ఎక్కడా తగలకుండా జారుతున్నా ఎర్రర్ పోకపోతే అనుమానించాల్సింది ఎన్‌కోడర్ స్ట్రిప్‌ని. బండి వెనక, ఈ చివర నుంచి ఆ చివరకు బిగించిన పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ పట్టీ అది. దాని మీద కంటికి బూడిదరంగు పొరలా కనిపించేవి నిజానికి సన్నటి గీతలు. బండి వెనకున్న సెన్సర్ వాటిని లెక్కపెడుతూ తానెక్కడుందో తెలుసుకుంటుంది. ఇంకు మరకో గ్రీజో గీతల్ని కప్పేస్తే లెక్క తప్పుతుంది, బండి వేగంగా వెళ్లి పక్క గోడకు కొట్టుకుంటుంది. ఆన్ చేయగానే 'ఠక్' మని గుద్దుకున్న చప్పుడు వినిపిస్తే లోపం చాలావరకు ఇక్కడే.

పోగులు రాలని మెత్తటి గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి గట్టిగా పిండండి. పట్టీని గుడ్డ మడతలో తేలిగ్గా పట్టుకుని ఒకే దిక్కుకు తుడవండి. ఒక చివర చిన్న స్ప్రింగ్ ఉంటుంది, దాన్ని వేలితో ఆపి ఉంచితే పట్టీ ఊడిరాదు. అసిటోన్, థిన్నర్ వాడితే గీతలే చెరిగిపోతాయి. స్పిరిట్ కూడా వద్దనే నా సలహా. పక్కనే ఉన్న ఇనుప కడ్డీ గ్రీజును మాత్రం తుడవకండి, బండి జారేది దాని మీదే. కడ్డీని తాకిన గుడ్డ మళ్లీ పట్టీని తాకకూడదు. పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి.

ఒక ఉదాహరణ చూడండి. రీఫిల్ చేసిన నల్ల కార్ట్రిడ్జ్ పెట్టిన మర్నాడే ఒక ప్రింటర్‌లో ఈ ఎర్రర్ వచ్చింది. చేత్తో జరిపితే అడ్డం లేదు. పట్టీ కుడివైపు నల్లటి చుక్క కనిపించింది, తుడిచారు. గుద్దుకోవడం ఆగింది గానీ బండి పార్కింగ్ చోటికి చేరేటప్పుడు మళ్లీ ఆగిపోయింది. పక్క నుంచి చూస్తే నల్ల కార్ట్రిడ్జ్ రంగుదానికన్నా కొంచెం ఎత్తుగా ఉంది. లాచ్ పూర్తిగా పడలేదు, అందుకే పై అంచు ఫ్రేముకు తగులుతోంది. కార్ట్రిడ్జ్ తీసి, అడుగున మడతపడ్డ లేబుల్ అంచును సరిచేసి, 'టిక్' మనేదాకా నొక్కితే సరిపోయింది.

పట్టీ మీద గీతలు అరిగినా, గీరుకుపోయినా తుడిచి లాభం లేదు, మార్చాల్సిందే. కొత్తది బిగించేటప్పుడు అది బండి వెనక సెన్సర్ చీలికలోంచి దూరాలి. చీలిక బయట ఉండిపోతే సెన్సర్‌కు ఏమీ కనిపించక అదే ఎర్రర్ తిరిగొస్తుంది.

వచ్చే పాఠం: కాగితం లాగని రోలర్లు.