జట్టుగా ప్రెజెంటేషన్ – 4వ పాఠం: స్లయిడ్లు పంచే మెసేజ్

కిందటి పాఠంలో మన ఉదాహరణ జట్టు పన్నెండు స్లయిడ్ల వరస ఖాయం చేసుకుంది. తిరుపతిలో డిగ్రీ చదివే ఐదుగురు: హరిత, సాయి, దివ్య, లోకేశ్, రఫీ. పాఠం కోసం పెట్టుకున్న పేర్లే ఇవి. అంశం శ్రీకాళహస్తి కలంకారీ. పది నిమిషాలు మాట్లాడాలి, స్లయిడ్లు తెలుగులో ఉండాలి. ప్రెజెంటేషన్ నవంబర్ 21, శుక్రవారం ఉదయం 10:30కి. ఇవాళ 13, గురువారం. లీడర్ హరిత గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాలి. ఈ పాఠమంతా ఆ ఒక్క మెసేజ్ గురించే.

డిగ్రీ మూడో ఏడులో నేను లీడర్‌గా పెట్టిన మెసేజ్ ఇది: “అందరూ తలా మూడు స్లయిడ్లు చేసి శుక్రవారం లోపు పంపండి. నీట్‌గా ఉండాలి.” అందరూ ‘ఓకే’ అన్నారు. వచ్చినవి చూస్తే ఇద్దరు చరిత్రే రాశారు, ముగింపు ఎవరూ రాయలేదు. ఒకరు గురువారమే పంపితే, ఇంకొకరు శుక్రవారం రాత్రి 11:40కి పంపారు. ‘లోపు’ అంటే ఆ రోజు కూడా కలుస్తుందనే ఆ అమ్మాయి అనుకుంది, అందులో ఆమె తప్పు లేదు. ఒకరి స్లయిడ్లు పాత డీటీపీ ఫాంట్‌లో ఉన్నాయి. వాళ్ల ఇంటి కంప్యూటర్‌లో చక్కటి తెలుగు కనిపించింది, ల్యాబ్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఆ రాత్రి మొత్తం మళ్లీ టైప్ చేశాను. ఎవరూ బద్ధకించలేదు. నా మెసేజ్‌లో ఏమీ లేదు, అంతే.

ముందు పంపకం చూద్దాం. పన్నెండుని ఐదుతో భాగిస్తే పని పంచినట్టు కాదు. మొదటి స్లయిడ్‌కి పది నిమిషాలు చాలు. అద్దకం మెట్లు చూపే స్లయిడ్‌కి ఫొటోలు కావాలి, అవి కావాలంటే కాళహస్తి వెళ్లాలి. కాబట్టి ఎన్ని స్లయిడ్లు అని కాకుండా ఎంత పని అని లెక్క వేయండి. ఇంకొక నియమం కూడా పెట్టుకోండి: స్లయిడ్ చేసినవాళ్లే దాని గురించి మాట్లాడాలి. ఒకరు చేసింది ఇంకొకరు చెబితే తెర మీద ఉన్నది చదవడం తప్ప గతి ఉండదు.

ఒక్కొక్కరికీ స్లయిడ్ నంబరు, అది జవాబు చెప్పాల్సిన ప్రశ్న, ఎక్కడ ఆగాలో, ఈ మూడూ చెప్పాలి. మూడోది ఎక్కువమంది మరిచిపోతారు. సాయికి ‘చరిత్ర’ అని మాత్రమే ఇస్తే గుడి తెరల నుంచి మొదలుపెట్టి రంగులు ఎలా చేస్తారో కూడా రాసేస్తాడు, ఎందుకంటే చదివిన చోటల్లా ఆ రెండూ కలిసే ఉంటాయి. ‘రంగుల సంగతి నువ్వు ఎత్తకు, అది దివ్యది, లోకేశ్‌ది’ అని రాసిస్తే ఆ చిక్కు రాదు.

తర్వాత ఎవరి పని ఎవరి మీద ఆధారపడిందో చూడాలి. దివ్యది కాళహస్తి. శనివారం ఇంటికి వెళ్తుంది, ఫొటోలు తనే తీస్తుంది. లోకేశ్ స్లయిడ్లకీ ఆ ఫొటోలే కావాలి. రఫీది ఈనాటి కళాకారుల భాగం, వాళ్లని అడగాల్సిన ప్రశ్నలు దివ్య చేతే అడిగించాలి. అంటే రఫీ ప్రశ్నలు శుక్రవారం రాత్రికే దివ్యకి చేరాలి. మిగతా గడువులు ఎన్ని పెట్టినా ఈ ఒక్కటి తప్పితే ఆదివారం నాటికి ఇద్దరి పని ఆగిపోతుంది.

ఇప్పుడు శైలి. ‘అందరూ ఒకే ఫాంట్, ఒకే రంగు వాడండి’ అని మెసేజ్‌లో రాస్తే సగంమందే పాటిస్తారు. రాయడం కన్నా చేసి ఇవ్వడం మేలు. హరిత Google Slides లో ఒకే ఫైల్ తెరిచి, Slide మెనూలో Edit theme కి వెళ్లి ఫాంటు, సైజు, రంగులు అక్కడే పెట్టేస్తుంది. తర్వాత పన్నెండు ఖాళీ స్లయిడ్లు వేసి, ప్రతిదానికీ శీర్షిక రాసి, కింద నోట్స్‌లో ఎవరిదో పేరు రాస్తుంది. అందరూ అందులోనే నింపాలి. దీనికి అరగంట పడుతుంది, చివర్లో అతికించే రాత్రి మిగులుతుంది.

తెలుగు స్లయిడ్లకి కొన్ని సంగతులు ప్రత్యేకం. ఫాంటు తప్పకుండా యూనికోడ్‌ది కావాలి. Noto Sans Telugu గానీ Mandali గానీ Google Slides లోనే దొరుకుతాయి. శీర్షిక 36, లోపలి మాట 24 ఉంటే వెనక బెంచీ దాకా కనిపిస్తుంది. మన వత్తులు పంక్తి కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. అందుకే పంక్తుల మధ్య ఎడం 1.15 కన్నా తగ్గించకండి, ‘స్త్ర’, ‘క్ష్మ’ లాంటివి కింది పంక్తి మీద పడతాయి. ఇటాలిక్ వాడకండి. తెలుగు ఫాంట్లలో చాలావాటికి విడిగా ఇటాలిక్ లేదు, అక్షరాన్ని పక్కకి వంచి చూపిస్తాయి. రెండు అంచులూ సమంగా లాగే అమరిక కూడా వద్దు, మన పదాలు పొడుగు కాబట్టి మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి.

థీమ్ ఎంత బాగా చేసినా బయటినుంచి కాపీ చేసి అతికిస్తే దాని ఫాంటు, రంగు వెంటే వస్తాయి. మామూలుగా అతికించకుండా Ctrl+Shift+V నొక్కితే అక్షరాలు మాత్రమే వస్తాయి. ఈ ఒక్క ముక్క మెసేజ్‌లో ఉండి తీరాలి.

ఫైల్ చేయలేనిది ఇంకొకటి ఉంది, పదాల స్పెల్లింగ్. ఒకరు ‘కలంకారి’, ఇంకొకరు ‘కలంకారీ’. ఒకచోట ‘కాళహస్తి’, ఇంకోచోట ‘శ్రీకాళహస్తి’. చూసేవాళ్లకి ఇది ఐదుగురు విడివిడిగా చేసినట్టు వెంటనే తెలిసిపోతుంది. నాలుగైదు పదాలకి రూపం ముందే ఖాయం చేసి ఇవ్వాలి.

గడువులకి వెనకనుంచి లెక్క వేయండి. శుక్రవారం ప్రెజెంటేషన్, గురువారం సాయంత్రం రిహార్సల్, బుధవారం అంతా లీడర్ సరిచూడ్డానికి, అంటే మంగళవారం రాత్రికి అందరివీ పూర్తి కావాలి. ఆ మధ్య రోజుని కొంతమంది దండగ అనుకుంటారు. నవంబర్‌లో మన దగ్గర వానల సంగతి తెలిసిందే, 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూశాం. కరెంటు పోవచ్చు, హాస్టల్ వైఫై ఆగిపోవచ్చు. ఒక రోజు చేతిలో ఉండాలి. ప్రతి గడువుకీ తేదీ, వారం, గంట మూడూ రాయండి. ‘రేపు సాయంత్రం’ అని రాస్తే మరునాడు చదివినవాళ్లకి రేపు మారిపోతుంది.

ఇంకొకటి, పూర్తి స్లయిడ్ల కన్నా ముందు మాటల గడువు పెట్టండి. ఆదివారం నాటికి ఫొటోలు, అలంకారం లేకుండా ప్రతి స్లయిడ్‌లో రెండు మూడు వాక్యాలు చాలు. ఒకే సంగతి రెండు చోట్ల వచ్చిందేమో అప్పుడే కనిపిస్తుంది, తీసేయడం తేలిక. బొమ్మలన్నీ అమర్చాక తీసేయమంటే ఎవరికైనా మనసొప్పదు.

ఇవన్నీ కలిపి హరిత రాసిన మెసేజ్ ఇదీ:

> అందరికీ, కలంకారీ ప్రెజెంటేషన్ 21, శుక్రవారం ఉదయం 10:30. ఫైల్ లింక్ గ్రూపులో పిన్ చేశాను. వేరే ఫైల్ చేయొద్దు, అందులోనే నింపండి. ఎవరి స్లయిడ్లు వాళ్లే చెప్పాలి, ఒక్కొక్కరికి 2 నిమిషాలు.
>
> హరిత – 1, 2, 12: పరిచయం, మన ప్రశ్న, ముగింపు. మొత్తం సరిచూడ్డం కూడా నాదే.
> సాయి – 3, 4: ఈ కళ శ్రీకాళహస్తిలో ఎలా పెరిగింది, గుడితో సంబంధం ఏంటి? రంగుల తయారీ ఎత్తకు.
> దివ్య – 5, 6: గుడ్డని కరక్కాయ, పాలతో సిద్ధం చేయడం, చింతబొగ్గుతో గీత, నల్ల గీత. 5 నుంచి 8 దాకా ఫొటోలు నువ్వే తీయాలి.
> లోకేశ్ – 7, 8: పటిక, మిగతా రంగులు, ఉతకడం. ఫొటోలు దివ్య ఇస్తుంది.
> రఫీ – 9, 10, 11: మచిలీపట్నం అచ్చు పనికీ మన కలం పనికీ తేడా, ఈనాటి కళాకారులు.
>
> 14 శుక్రవారం రాత్రి 8: రఫీ 5 ప్రశ్నలు దివ్యకి.
> 15 శనివారం రాత్రి 9: దివ్య ఫొటోలు. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపు, లేకపోతే క్వాలిటీ తగ్గుతుంది.
> 16 ఆదివారం రాత్రి 8: అందరి మాటలు.
> 18 మంగళవారం రాత్రి 8: స్లయిడ్లు పూర్తి. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోవద్దు.
> 20 గురువారం సాయంత్రం 4: రిహార్సల్, లైబ్రరీ ముందు.
>
> ఫాంటు, రంగు, సైజు మార్చొద్దు. అతికించేటప్పుడు Ctrl+Shift+V. స్లయిడ్‌కి 25 పదాలు మించొద్దు, ఒక ఫొటో చాలు, యానిమేషన్ వద్దు. కలంకారీ, శ్రీకాళహస్తి, అద్దకం, కరక్కాయ: ఇలాగే రాయండి.
>
> కుదరకపోతే గడువుకి ఒక రోజు ముందు నాకు చెప్పండి, సర్దుకుందాం. ఇవాళ రాత్రి 10 లోపు ‘ఓకే’ అని కాకుండా మీ స్లయిడ్ నంబర్లు, మీ మొదటి గడువు రాసి పంపండి.

చివరి వాక్యం ఎందుకంటే, ‘ఓకే’ అన్నవాళ్లు చదివారో లేదో తెలీదు. నంబరు, తేదీ రాయాలంటే చదవక తప్పదు. ఆ రాత్రి లోకేశ్ “7, 8. 18 రాత్రి” అని పెట్టాడనుకోండి. అతను 16ని చూడలేదని అక్కడే దొరికిపోయింది. హరిత గ్రూపులో కాకుండా విడిగా “లోకేశ్, నీ మొదటిది 16 రా, మాటలు మాత్రమే” అని రాస్తే చాలు.

రఫీ అడిగే అవకాశం ఉంది: “ఏందక్కా, నాకు మాత్రం మూడా?” హరిత అతనికన్నా సీనియర్. ఆమె లెక్క చెప్పాలి: “9లో అచ్చు పని, కలం పని పక్కపక్కన పెడితే అయిపోతుందప్పా. 10, 11కి సమాధానాలు దివ్యే తెస్తుంది. నువ్వు బయటికి వెళ్లే పని లేదు.” అయినా అతనికి ఎక్కువే అనిపిస్తే 9ని సాయికి ఇవ్వొచ్చు, చరిత్ర తెలిసినవాడికి ఆ పోలిక కష్టం కాదు. కాకపోతే అది గురువారం రాత్రే మార్చాలి, మార్చాక పాత మెసేజ్ తొలగించి మొత్తం మళ్లీ పెట్టాలి. ‘9 ఇక సాయిది’ అని కింద ఒక ముక్క రాసి వదిలేస్తే పైది చూసినవాళ్లు ఒకటి, కిందిది చూసినవాళ్లు ఒకటి చేస్తారు.

బుధవారం హరిత చేసే సరిచూత చిన్నదే. స్లయిడ్లన్నీ చిన్న బొమ్మలుగా ఒకేసారి చూడాలి, View మెనూలో Grid view ఉంటుంది. రంగు గానీ సైజు గానీ తేడా ఉన్నది అందులో ఇట్టే పట్టుబడుతుంది. తర్వాత ఒకసారి PDF గా దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. ల్యాబ్‌లో ఇంటర్నెట్ లేకపోయినా, ఆ కంప్యూటర్‌లో మన ఫాంటు లేకపోయినా PDF లో అక్షరాలు చెదరవు.

అభ్యాసం: మీ జట్టు ఇప్పుడు చేస్తున్న ప్రెజెంటేషన్ తీసుకోండి. ఎవరి పని ఎవరి కోసం ఆగుతుందో ముందు కాగితం మీద బాణాలు గీయండి. బాణం మొదలయ్యేవాళ్ల గడువులు పెట్టాకే మిగతావి పెట్టండి. మెసేజ్ రాశాక జట్టులో లేని ఒక స్నేహితుడికి చూపించి, “నువ్వు రఫీ అనుకో, ఎప్పటికి ఏం చేయాలి?” అని అడగండి. అతను పైకీ కిందికీ రెండుసార్లు వెతికితే మళ్లీ రాయండి.

5వ పాఠంలో గురువారం రిహార్సల్: గడియారం పెట్టుకుని పది నిమిషాలు, ఒకరి నుంచి ఇంకొకరికి మాట ఎలా అందించాలో చూద్దాం.